సీ డ్రైవులో కనబడని రెండు ఫైళ్లు

సీ డ్రైవు గీత ఎర్రబడగానే చాలామంది ముందు ఫోటోలు తీసేస్తారు, ఆ తర్వాత డౌన్‌లోడ్ల మీద పడతారు. అయినా లెక్క కుదరదు. కంటికి కనబడే ఫైళ్లన్నీ కూడితే ఒక అంకె వస్తుంది, నిండిపోయిందని విండోస్ చూపించేది ఇంకొకటి. ఆ తేడాలో పెద్ద వాటా తరచుగా దాచి ఉంచిన రెండు ఫైళ్లదే. కమాండ్ ప్రాంప్టులో ఇలా కొడితే అవి బయటపడతాయి:

```
dir /a C:\*.sys
```

ఒకటి `pagefile.sys`, రెండోది `hiberfil.sys`. పక్కనే `swapfile.sys` అనే చిన్నది కూడా కనిపించవచ్చు. అది తినే చోటు తక్కువ కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు.

పేజ్ ఫైలు వంశం పాతది. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లో అసలు మెమరీ 16 వేల పదాలకు కాస్త పైన. అది చాలదని టామ్ కిల్‌బర్న్ బృందం పక్కన తిరిగే అయస్కాంత డ్రమ్మును పెట్టి, రెండూ కలిపి ప్రోగ్రాముకు ఒకే పెద్ద మెమరీలా కనబడేట్టు చేసింది. మెమరీని 512 పదాల పేజీలుగా కోసి, అప్పటికి అవసరం లేని పేజీని డ్రమ్ముకు పంపి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకోవడం దాని పద్ధతి. 1970ల చివర డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తెచ్చిన వీఎంఎస్‌లో ఈ పని చేసే ఫైలు పేరు అచ్చంగా `PAGEFILE.SYS`. వీఎంఎస్ రూపకర్తల్లో ఒకరైన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి విండోస్ ఎన్‌టీ కట్టారు. 1993లో ఎన్‌టీ వచ్చినప్పుడు ఫైలు పేరు కూడా వెంట వచ్చింది.

ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు పేజ్ ఫైలు ఉండాలన్న సలహా కూడా ఆ కాలం నుంచే నడుస్తోంది. 256 ఎంబీ ర్యామ్ ఉన్న రోజుల్లో అది 384 ఎంబీ, ఎవరికీ బరువు కాదు. అదే సూత్రం 64 జీబీ మెషీన్‌కు పెడితే 96 జీబీ అవుతుంది. ర్యామ్ పెరిగేకొద్దీ పేజ్ ఫైలు అవసరం తగ్గాల్సింది పోయి, ఈ సూత్రం దాన్ని పెంచుతుంది. ఇంకా దాన్నే వల్లించేవాళ్లను చూస్తే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక దీనికి ఎదురు మొండితనం ఒకటుంది. ‘ర్యామ్ దండిగా ఉంది, పేజ్ ఫైలు ఎందుకు’ అని పూర్తిగా తీసేస్తారు. కొన్నాళ్లకు బ్రౌజర్ ట్యాబులు కూలుతాయి, మెమరీ చాలదన్న హెచ్చరిక వస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ర్యామ్ ఇంకా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. కిటుకు కమిట్ అనే లెక్కలో ఉంది. ప్రోగ్రాములు తరచూ వాడేదానికన్నా ఎక్కువ మెమరీ అడిగి పెట్టుకుంటాయి. పెళ్లికి పిలిచిన వాళ్లంతా రాకపోయినా అందరికీ సరిపడా విస్తళ్లు తెచ్చిపెట్టే పెళ్లివారి తీరు విండోస్‌ది. ఇస్తానన్న ప్రతి బైటుకూ ర్యామ్‌లోనో పేజ్ ఫైలులోనో చోటు చూపించగలిగితేనే సరేనంటుంది. ఆ రెండూ కలిపితే వచ్చేదే కమిట్ హద్దు. హద్దు తాకితే, ర్యామ్‌లో ఎంత ఖాళీ ఉన్నా కొత్త అభ్యర్థన చెల్లదు. కాబట్టి పేజ్ ఫైలులో ఒక్క పేజీ కూడా రాయకపోయినా అది చేసే పని ఒకటి ఉంది: హద్దును పైకి జరపడం.

అందుకే ఎంత ఉంచాలో తేల్చేది ర్యామ్ పరిమాణం ఒక్కటే కాదు, ఆ మెషీన్ మీద కమిట్ ఎంతవరకు ఎక్కుతుందన్నది. టాస్క్ మేనేజర్‌లో Performance కింద Memory చూస్తే Committed దగ్గర రెండు అంకెలు ఉంటాయి: ఇప్పటి వాడకం, హద్దు. అత్యధికంగా ఎక్కడిదాకా వెళ్లిందో కావాలంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లోని System Information కిటికీలో Peak అంకె దొరుకుతుంది. కాకపోతే దాన్ని బరువైన పని చేసుకున్న రోజున చూడాలి. ఉదయం మెషీన్ ఆన్ చేయగానే చూస్తే ఆ అంకెకు విలువ లేదు.

ఒక లెక్క వేద్దాం. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్‌కు పోగా వాడుకకు మిగిలేది సుమారు 7.8 జీబీ. పేజ్ ఫైలును విండోసే చూసుకుంటోంది, అది 6 జీబీకి చేరింది. హద్దు 13.8. వీడియో కాల్, ఎక్సెల్, పాతిక ట్యాబులు నడిచిన రోజున గరిష్ఠం 11.6. దాంట్లోంచి ర్యామ్ తీసేస్తే 3.8 జీబీ పేజ్ ఫైలు తప్పనిసరి, కాస్త ఊపిరికి 5 జీబీ. అంటే మిగిలేది ఒక్క జీబీ. దానికోసం ఎవరైనా ధైర్యం చేసి 2 జీబీకి కుదిస్తే హద్దు 9.8కి పడిపోతుంది, అదే పని మధ్యలో ఏదో ఒకటి కూలుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో Resource-Exhaustion-Detector పేరుతో 2004 నంబరు ఎంట్రీ కనబడితే జరిగింది ఇదే. డిస్కు చాలక బాధపడే చిన్న ల్యాప్‌టాపులే పేజ్ ఫైలును కుదించలేనివి కావడం ఇందులో వింత. వాటికి విండోస్ చేతుల్లో వదిలేయడమే మేలు.

కుదించడానికి నిజంగా చోటున్నది రెండో ఫైలులో. విండోస్ 2000తో హైబర్నేషన్ వచ్చినప్పుడు దాని ఫైలు ర్యామ్ అంత ఉండేది. మెషీన్‌ను ఆపేముందు మెమరీలో ఉన్నది డిస్కు మీద రాసి, తర్వాత అక్కడి నుంచే లేపడం దాని పని. రాసేటప్పుడు కుదించి రాస్తుంది కాబట్టి విండోస్ 7లో దాన్ని ర్యామ్‌లో 75 శాతానికి, విండోస్ 10లో 40 శాతానికి తగ్గించారు. ఈ చోటు మాత్రం హైబర్నేట్ చేసినా చేయకపోయినా ముందే పట్టి ఉంటుంది, ర్యామ్‌తో పాటు పెరుగుతుంది.

ఇప్పుడు 64 జీబీ ర్యామ్, 256 జీబీ సీ డ్రైవు ఉన్న వీడియో ఎడిటింగ్ డెస్క్‌టాప్‌ను తీసుకోండి. 40 శాతం అంటే దాదాపు 25.6 జీబీ, డ్రైవులో పదో వంతు. రాత్రికి షట్‌డౌన్ చేసే మెషీన్‌లో దాని ఉపయోగం ఫాస్ట్ స్టార్టప్ ఒక్కటే. విండోస్ 8 నుంచి మనం షట్ డౌన్ నొక్కితే తెరిచిన ప్రోగ్రాములను మూసి, కెర్నెల్ స్థితిని మాత్రం ఈ ఫైలులో దాస్తుంది. మధ్యేమార్గంగా ఇది ఉంది:

```
powercfg /h /type reduced
```

ఇది ఫైలును ర్యామ్‌లో 20 శాతానికి, అంటే ఇక్కడ 12.8 జీబీకి తెస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉంటుంది, హైబర్నేట్ పోతుంది. ఇంతకుముందు ఎవరైనా సైజు శాతం మార్చి ఉంటే ముందు `powercfg /h /size 0` కొడితేనే ఇది పారుతుంది. మొత్తం తీసేయాలంటే:

```
powercfg /h off
```

రెండూ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన కిటికీలోనే పనిచేస్తాయి. రెండోది కొట్టగానే ఫైలు మాయమవుతుంది, రీస్టార్ట్ అక్కర్లేదు. ఎక్స్‌ప్లోరర్‌లో వెతికి డిలీట్ చేయబోయే వారికి మాత్రం అది లొంగదు. ఇదే మెషీన్‌లో కమిట్ గరిష్ఠం 38 జీబీ అయితే పేజ్ ఫైలును కూడా కొంత తగ్గించవచ్చు. మొదటి సైజు 4096 ఎంబీ, గరిష్ఠం 16384 అని ఇస్తే అవసరమైతే పెరుగుతుంది. నీలి తెర వచ్చినప్పుడు డంప్ రాసుకోవడానికి కూడా ఈ ఫైలే కావాలి కాబట్టి సున్నా చేయకూడదు.

ల్యాప్‌టాప్‌లో హైబర్నేషన్ తీసేసేటప్పుడు ఒకసారి ఆగాలి. నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్ బ్యాటరీ అడుగంటినప్పుడు, తెరిచి ఉంచిన పనిని కాపాడేది ఆ ఫైలే. డెస్క్‌టాప్‌లో హైబ్రిడ్ స్లీప్ వాడేవారికీ అంతే: కరెంటు పోయి వచ్చాక పని ఎక్కడ ఆపామో అక్కడ దొరకడం దానివల్లే. ఉంచి చిన్నది చేద్దామంటే, మెమరీ నిండుగా ఉన్న రోజున కుదించినా ఫైలులో పట్టక హైబర్నేషన్ విఫలమవుతుంది. విండోస్ 7 రోజుల్లో ఇది INTERNAL_POWER_ERROR అనే నీలి తెరగా కనిపించేది, మందు `powercfg /h /size 100`.

అదే మెషీన్‌లో లినక్స్ కూడా పెట్టుకున్నవారికి చోటుతో సంబంధం లేని కారణం ఒకటుంది. ఫాస్ట్ స్టార్టప్‌తో ఆపిన విండోస్ తన డ్రైవును సగం నిద్రలో వదిలివెళ్తుంది. లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది, రాయనివ్వదు. వాళ్లు `powercfg /h off` కొట్టేది డిస్కు ఖాళీ కోసం కాదు.