మంగళూరు పెంకు కప్పు: రీపరు ఎడమే కీలకం

మంగళూరు పెంకుల కప్పు కారకుండా ఉండాలంటే ముందుగా రీపర్ల ఎడం కుదరాలి. పెంకు పొడవులోంచి పై వరుస కింది వరుసను కప్పే మేర తీసేస్తే ఆ ఎడం వస్తుంది. పెంకు 41 సెంటీమీటర్లుండి, కప్పు 7 సెంటీమీటర్లయితే ఎడం 34. అది పెరిగితే గాలివాన నీటిని సందుల్లోంచి లోపలికి తోస్తుంది.

పెంకులను చూరు నుంచి పైకి, అడుగునున్న కొమ్ములు రీపరుకు తగిలేలా పేర్చాలి. కొప్పు మీదా, రెండు వాలులు కలిసే ఏటవాలు మూలల మీదా వంపు పెంకులను మాలుతో కూర్చాలి. మూలల మీద కింది నుంచే మొదలుపెట్టాలి.

పెంకు పగిలితే దాని మీదికి వచ్చిన పెంకులను కాస్త ఎత్తి, ముక్కలను లాగేసి, కొత్తదాన్ని కొమ్ములు రీపరుకు పట్టేదాకా జొనపాలి.