లెక్క సరిపోయినా బ్యాచ్ తప్పితే

మందుల హోల్‌సేల్ వ్యాపారంలో చాలామంది పాటించే పద్ధతి ఒకటుంది. ముందు వచ్చిన సరుకును ముందు పంపేయడం. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, మందుల విషయంలో ఇది చాలదు. ముందు వచ్చిందే ముందు ఎక్స్‌పైరీ అవుతుందని నమ్మకం లేదు. కంపెనీ డిపో మూలన మిగిలిపోయిన పాత బ్యాచ్ మన షాపుకు ఆలస్యంగా చేరవచ్చు. అందుకే చూడాల్సింది వచ్చిన తేదీని కాదు, స్ట్రిప్పు మీదున్న ఎక్స్‌పైరీని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2026 జూన్‌లో ఒక షాపులో ఒకే రకం యాంటీబయాటిక్ క్యాప్సూల్స్ మూడు బ్యాచ్‌లు ఉన్నాయనుకోండి. జనవరిలో వచ్చిన మొదటి బ్యాచ్ 100 స్ట్రిప్పులు, ఎక్స్‌పైరీ 11/2027. మార్చిలో వచ్చిన రెండోది 40 స్ట్రిప్పులు, ఎక్స్‌పైరీ 06/2027. మేలో వచ్చిన మూడోది 150 స్ట్రిప్పులు, ఎక్స్‌పైరీ 02/2028. ఒక మెడికల్ షాపు 60 స్ట్రిప్పులు అడిగింది. వచ్చిన వరుసలో ఇస్తే 60 కూడా మొదటి బ్యాచ్ నుంచే పోతాయి. ఎక్స్‌పైరీ వరుసలో ఇస్తే రెండో బ్యాచ్‌లోని 40, ఆ పైన మొదటి బ్యాచ్‌లోంచి 20. మందు ఒకటే అయినా బిల్లులో రెండు వరుసలు పడాలి. బ్యాచ్‌ను బట్టి ఎమ్మార్పీ కూడా మారవచ్చు కాబట్టి ఆ రెండు వరుసలూ తప్పనిసరి.

06/2027 అంటే ఆ నెల చివరి రోజు వరకూ అని అర్థం. అందుకని కంప్యూటర్‌లో 30-06-2027 అని ఎక్కించాలి. జూన్ 1 అని ఎక్కిస్తే నెల రోజుల ముందే సరుకు పనికిరానిదైపోతుంది.

ఇంతవరకూ సాఫ్ట్‌వేర్ చేసే పని. చిక్కంతా రాక్ దగ్గర మొదలవుతుంది. సరుకు తీసే కుర్రాడికి మొదటి బ్యాచ్ పెట్టె చేతికందేలా ఉంది, రెండోది దాని వెనక ఉంది. తొందరలో 60 స్ట్రిప్పులూ ముందున్న పెట్టెలోంచే తీసి కట్టేశాడు. బిల్లు మాత్రం 40, 20 అనే చెబుతోంది. ఇప్పుడు కంప్యూటర్ లెక్కలో మొదటి బ్యాచ్ 80, రెండోది సున్నా, మూడోది 150. రాక్‌లో చూస్తే మొదటిది 40, రెండోది 40, మూడోది 150. ఎలా కూడినా మొత్తం 230. నెలాఖరున సరుకు లెక్కపెట్టినవాళ్లు అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టేస్తారు.

ఈ పొరపాటు రెండు వైపులా దెబ్బ తీస్తుంది. రెండో బ్యాచ్ అయిపోయిందని కంప్యూటర్ నమ్ముతోంది కాబట్టి, దాని గడువు దగ్గరపడుతోందని ఎప్పటికీ హెచ్చరించదు. ఆ 40 స్ట్రిప్పులు రాక్‌లోనే ఉండి ఎక్స్‌పైరీ అయిపోతాయి. రెండోది ఇంకా ప్రమాదకరం. రేపు పరీక్షలో మొదటి బ్యాచ్ నాణ్యత లేదని తేలి, అమ్మకం ఆపి వెనక్కి రప్పించమని ఔషధ నియంత్రణ శాఖ ఆదేశించిందనుకోండి. ఆ మెడికల్ షాపుకు 20 స్ట్రిప్పులే వెళ్లాయని రికార్డు చెబుతుంది. నిజంగా వెళ్లినవి 60. మిగతా 40 రోగుల చేతుల్లోకి పోతుంటే ఆరా తీసేవాళ్లే ఉండరు.

దీనికి విరుగుడు లెక్కపెట్టే తీరులోనే ఉంది. మందు పేరుతో మొత్తం చూడకుండా, బ్యాచ్‌ల వారీగా లెక్కపెట్టాలి. ఒక బ్యాచ్‌లో తక్కువ, అదే మందు ఇంకో బ్యాచ్‌లో సరిగ్గా అంతే ఎక్కువ కనిపిస్తే, చేతులు మారింది అక్కడే. సరుకు తీసేటప్పుడు పెట్టె మీది కోడ్‌ను స్కాన్ చేయడం మేలు, ఆ కోడ్‌లో బ్యాచ్ నంబరు ఉంటేనే సుమా. లేకపోతే బ్యాచ్ నంబరులోని చివరి మూడు అక్షరాలు టైప్ చేస్తేనే బిల్లు ముందుకు కదిలేలా పెట్టుకోవచ్చు. సరుకు దించుకునేటప్పుడు కూడా ఇన్‌వాయిస్ చూసి కాకుండా పెట్టె మీద చూసి నంబరు ఎక్కించాలి. సున్నాకూ ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరానికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఒకే మందు బ్యాచ్‌లను ఒకే అరలో కలిపేయకుండా, ముందు గడువు తీరేది ముందు వైపు ఉంచాలి.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. ఎక్స్‌పైరీ తేదీ చెప్పేది, లేబుల్ మీద రాసిన విధంగా నిల్వ చేస్తేనే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇన్సులిన్ మండుటెండలో వ్యాన్‌లో మగ్గితే, ముందున్న గడువు దాన్ని కాపాడదు.

కొనేవాళ్లు చేయగలిగిందీ ఉంది. మెడికల్ షాపు బిల్లులో బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉంటాయి. వాటిని స్ట్రిప్పు మీది వాటితో పోల్చండి, తేడా ఉంటే బిల్లు మార్పించండి. విడిగా నాలుగు మాత్రలు కావాలంటే, ఆ ముద్ర ఉన్న అంచు మిగిలేలా రెండో వైపు నుంచి కత్తిరించమనండి. మీకిచ్చిన ముక్క మీద ఆ ముద్ర ఉండదు కాబట్టి బిల్లు దాచుకోండి. మూడు నెలల బీపీ మాత్రలు ఒకేసారి కొంటుంటే, కొన్న రోజుకు గడువు ఉంటే చాలదు. చివరి మాత్ర వేసుకునే రోజుకు ఉండాలి.