ఊగుడు అంచున దొరికే రెండు అంకెలు

1942లో అమెరికాలోని రోచెస్టర్‌లో టేలర్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ ఇంజనీర్లు ఇద్దరు, జాన్ జీగ్లర్, నతానియల్ నికల్స్, ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటికే ఆ కంపెనీ గాలి ఒత్తిడితో పనిచేసే కంట్రోలర్లను ఫ్యాక్టరీలకు అమ్ముతోంది. వాటి మీద మూడు సర్దుబాట్లు ఉండేవి. తేడా ఎంత ఉంటే వాల్వును అంత కదిలించేది ప్రపోర్షనల్. తేడా ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టుకుంటూ వాల్వును జరుపుతూ పోయేది ఇంటిగ్రల్. తేడా ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే స్పందించేది డెరివేటివ్. ఈ మూడింటి మొదటి అక్షరాలు కలిపే పిఐడి అంటారు. చిక్కల్లా ఏ సర్దుబాటును ఎక్కడ పెట్టాలన్నదే. అనుభవం ఉన్నవాళ్లు చేతివాటంతో కుదిర్చేవారు, లేనివాళ్లు రోజుల తరబడి తిప్పి చూసేవారు.

జీగ్లర్, నికల్స్ చెప్పిన ఉపాయంలో గణితం కన్నా ధైర్యం పాలు ఎక్కువ. ఇంటిగ్రల్‌ను, డెరివేటివ్‌ను ఆపేసి, ప్రపోర్షనల్ గెయిన్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. ఒకచోట ప్లాంటు పెరగకుండా, తగ్గకుండా ఒకే ఎత్తున ఊగుతూ ఉండిపోతుంది. ఆ గెయిన్ అల్టిమేట్ గెయిన్. ఒక ఊగుడు పూర్తి కావడానికి పట్టే కాలం అల్టిమేట్ పీరియడ్. ఈ రెండు అంకెలు చేతికొస్తే మూడు సర్దుబాట్లూ చిన్న గుణకారాలతో తేలిపోతాయి.

ఆవిరితో ద్రవాన్ని వేడిచేసే హీట్ ఎక్స్చేంజర్ ఒకటి ఉందనుకుందాం. బయటికొచ్చే ద్రవం 70 డిగ్రీల దగ్గర ఉండాలి. ఉష్ణోగ్రత కొలిచే పరికరం స్కేలు 0 నుంచి 100 డిగ్రీలు. ఆవిరి వాల్వును ఒక శాతం ఎక్కువ తెరిస్తే, కాసేపటికి ద్రవం రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ కాసేపటిలో రెండు భాగాలున్నాయి. వాల్వు కదిలాక 10 సెకన్ల పాటు థర్మామీటరుకు ఏమీ తెలియదు, ఎందుకంటే వేడెక్కిన ద్రవం పైపులో ప్రయాణించి సెన్సర్‌ను చేరాలి. ఆ తర్వాత కూడా ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారదు. లోహమూ ద్రవమూ వేడెక్కాలి కాబట్టి, మార్పులో మూడింట రెండొంతులు కనబడటానికి ఇంకో 60 సెకన్లు పడుతుంది.

పరీక్ష మొదలుపెట్టే ముందు లూప్‌ను మాన్యువల్‌లో ఉంచి ఉష్ణోగ్రతను నిలకడగా 70కి తెస్తారు. తర్వాత ఆటోలో పెట్టి గెయిన్ 1 ఇస్తారు. అంటే ఒక డిగ్రీ తేడాకు వాల్వు ఒక శాతం కదులుతుంది. సెట్ పాయింట్‌ను రెండు డిగ్రీలు పెంచి కొద్దిసేపటికి మళ్లీ తగ్గిస్తారు. ఉష్ణోగ్రత కొంచెం కదిలి సర్దుకుంటుంది. గెయిన్ 2 దగ్గర ఒకటి రెండు చిన్న అలలు వస్తాయి. 4 దగ్గర అలలు చాలాసేపు సాగి మెల్లగా చచ్చిపోతాయి. 5 దగ్గర ఇక చావవు, 38 సెకన్లకొకటి చొప్పున ఒకే ఎత్తున వస్తూనే ఉంటాయి. 5.5 పెడితే ప్రతి అలా ముందుదాని కన్నా పెద్దదవుతుంది. కాబట్టి ఈ ఎక్స్చేంజర్ అల్టిమేట్ గెయిన్ 5, అల్టిమేట్ పీరియడ్ 38 సెకన్లు.

ఊగుడు ఎందుకు ఆగదో ఆ 10 సెకన్ల ఆలస్యమే చెబుతుంది. ద్రవం వేడెక్కిందని కంట్రోలర్ ఆవిరి తగ్గిస్తుంది. ఆ తగ్గింపు సెన్సర్ దాకా వచ్చేసరికి ద్రవం తనంతట తానే చల్లబడుతూ ఉంటుంది. సరిగ్గా సగం అల ఆలస్యంగా చేరిన దిద్దుబాటు దిద్దుబాటుగా పనిచేయదు, తర్వాతి అలకు తోపు అవుతుంది. ఆ తోపు, ప్లాంటులో సహజంగా జరిగే అణుగుడు సరిసమానమయ్యే గెయినే అల్టిమేట్ గెయిన్.

ఇక గుణకారాలు. మూడు సర్దుబాట్లూ వాడేటప్పుడు గెయిన్ అల్టిమేట్‌లో 0.6 వంతు, ఇంటిగ్రల్ కాలం పీరియడ్‌లో సగం, డెరివేటివ్ కాలం ఎనిమిదో వంతు. మన లూప్‌కు అవి 3, 19 సెకన్లు, సుమారు 4.7 సెకన్లు. డెరివేటివ్ వద్దనుకుంటే గెయిన్ 0.45 వంతు, ఇంటిగ్రల్ కాలం పీరియడ్‌ను 1.2తో భాగిస్తే వచ్చేది. అంటే 2.25, సుమారు 32 సెకన్లు. ఇక్కడ చాలామంది కాలు జారే చోటొకటి ఉంది. కొన్ని కంట్రోలర్లు ఇంటిగ్రల్ కాలాన్ని సెకన్లలో అడిగితే కొన్ని నిమిషాల్లో అడుగుతాయి. నిమిషాలు అడిగే గడిలో 32 అని కొడితే ఇంటిగ్రల్ దాదాపు లేనట్టే. ఉష్ణోగ్రత 70కి కాస్త దూరంలో ఆగి అక్కడే కూర్చుంటుంది.

ఈ గుణకారాల వెనుక ఆనాటి ఒక ఎంపిక కూడా ఉంది. ప్లాంటుకు ఒక కుదుపు తగిలాక, మొదటి అలలో నాలుగో వంతు ఎత్తున రెండో అల వస్తే అది మంచి ట్యూనింగ్ అని ఆ ఇద్దరు ఇంజనీర్లు పెట్టుకున్న కొలత. మొదటి పొంగు 4 డిగ్రీలైతే తర్వాతిది ఒక డిగ్రీ. కుదుపును త్వరగా మింగేయడానికి అది బాగానే ఉంటుంది. కానీ చాలా ప్లాంట్లలో ఆపరేటర్ ఆ పొంగులను చూసి ఊరుకోడు, లూప్‌ను మాన్యువల్‌లో పెట్టేస్తాడు. మాన్యువల్‌లో ఉన్న లూప్‌కు ఏ ట్యూనింగ్ ఉన్నా ఒకటే.

అసలు పరిమితి మాత్రం వేరే చోట ఉంది. ఆ రెండు అంకెలూ ఎక్స్చేంజర్‌వి కావు, ఆ గంటలో ఆ ప్రవాహంతో నడుస్తున్న ఎక్స్చేంజర్‌వి.

రాత్రి షిఫ్టులో ఉత్పత్తి తగ్గి ద్రవ ప్రవాహం సగమైందనుకుందాం. అదే అదనపు ఆవిరి ఇప్పుడు సగం ద్రవాన్నే వేడిచేస్తోంది కాబట్టి, ఒక శాతం వాల్వుకు రెండు డిగ్రీలు కాకుండా నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. ద్రవం నెమ్మదిగా కదులుతోంది కాబట్టి సెన్సర్‌ను చేరడానికి 10 సెకన్ల బదులు 20 పడుతుంది. లోహం వేడెక్కే కాలం మారలేదనుకుని లెక్కిస్తే, కొత్త అల్టిమేట్ గెయిన్ 1.3, కొత్త పీరియడ్ సుమారు 71 సెకన్లు. పగలు పెట్టిన గెయిన్ 3. డెరివేటివ్ లేని రకమైనా 2.25. రెండూ 1.3కు చాలా పైనే ఉన్నాయి. పగలంతా బుద్ధిగా ఉన్న లూప్ రాత్రి ఊగడం మొదలుపెట్టి, వాల్వు పూర్తిగా మూసుకోవడానికీ పూర్తిగా తెరుచుకోవడానికీ మధ్య కొట్టుకుంటుంది. పొద్దున ప్రవాహం పెరగగానే దానంతటదే సద్దుమణుగుతుంది. కంట్రోలర్ చెడిపోయిందని ఫిర్యాదు వస్తుంది, పగలు చూడటానికొచ్చిన మనిషికి తప్పేమీ కనబడదు. ఉష్ణోగ్రత గీతతో పాటు ప్రవాహం గీతను కూడా ఒకే తెరమీద వేసి చూస్తే తప్ప ఇది దొరకదు.

అందుకే ఈ పరీక్షను ప్లాంటు ఎక్కువ చురుగ్గా స్పందించే స్థితిలో, ఇక్కడైతే తక్కువ ప్రవాహం దగ్గర, చేయాలి. అక్కడ నిలిచే గెయిన్ పూర్తి ప్రవాహం దగ్గర మందకొడిగా ఉంటుంది, కానీ ప్రమాదం ఉండదు. ఎక్స్చేంజర్ల మీద ఈక్వల్ పర్సెంటేజ్ వాల్వులు బిగించడానికి కూడా ఇదే కారణం. అవి కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు ఒక శాతం కదలికకు తక్కువ ఆవిరిని, బాగా తెరిచినప్పుడు ఎక్కువ ఆవిరిని మారుస్తాయి. తక్కువ ప్రవాహం దగ్గర ప్లాంటు చూపే అతి చురుకుదనాన్ని అవి కొంతవరకు సరిచేస్తాయి. ఆలస్యాన్ని మాత్రం సరిచేయలేవు.

రెండో పరిమితి, కంటికి కనబడే ఊగుడు ఎప్పుడూ మనం వెతికే ఊగుడు కాకపోవచ్చు. గెయిన్‌ను 8కి పెంచేసినా అలలు ఒకే ఎత్తున కనబడతాయి, ఎందుకంటే వాల్వు రెండు చివరలనూ తాకుతూ అలను ఇంకా పెరగనివ్వదు. ఆ 8ని అల్టిమేట్ గెయిన్ అనుకుని 0.6తో గుణిస్తే 4.8 వస్తుంది. అది అసలు అంచు అయిన 5కు ఆనుకునే ఉంటుంది. ఉష్ణోగ్రత గీత ఎంత అందంగా ఉన్నా, వాల్వుకు వెళ్లే సంకేతం 0నీ 100నీ తాకుతుంటే ఆ కొలత పనికిరాదు.

ఇంకో మోసం పట్టేసే వాల్వుది. ప్యాకింగ్ బిగుసుకుపోయిన వాల్వు సంకేతం మారినా కాసేపు కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఇంటిగ్రల్ ఉన్న లూప్‌లో అలాంటి వాల్వు తనంతట తానే ఊగుడు పుట్టిస్తుంది. తేడా పట్టుకోవడం కష్టం కాదు. నిజమైన అంచు ఊగుడు గెయిన్‌ను కొంచెం తగ్గించగానే చచ్చిపోతుంది. పట్టేసే వాల్వు ఊగుడు చావదు, అలల మధ్య కాలం సాగుతుందంతే. అనుమానం వస్తే లూప్‌ను మాన్యువల్‌లో పెట్టి, సంకేతాన్ని అర శాతం చొప్పున జరుపుతూ ఉష్ణోగ్రత ఎన్నో అడుగుకు కదులుతుందో చూస్తే తెలిసిపోతుంది. మాన్యువల్‌లో పెట్టాక కూడా ఊగుడు అలాగే సాగితే అది ఈ లూప్‌ది కాదు, పక్క లూప్ నుంచో ఆవిరి ఒత్తిడి నుంచో వస్తోంది.

కొన్నిచోట్ల అసలు ఊపనివ్వరు. డెయిరీల్లో పాశ్చరైజర్ పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచాలి. అంతకన్నా చల్లబడితే మళ్లింపు వాల్వు పాలను వెనక్కి పంపేస్తుంది. సెట్ పాయింట్‌కు పైనా కిందా రెండు మూడు డిగ్రీలు ఊగే పరీక్ష అక్కడ సాగదు. బాయిలర్ డ్రమ్ము నీటి మట్టం ఊగితే యూనిట్ ట్రిప్ కావచ్చు. డిస్టిలేషన్ కాలమ్‌లో ఒక ఊగుడుకే గంట పడితే, నాలుగు గెయిన్లను ప్రయత్నించేసరికి షిఫ్టు అయిపోతుంది, ఆ షిఫ్టు సరుకు నాణ్యతా పోతుంది.

ఈ ఇబ్బందికి 1984లో స్వీడన్‌కు చెందిన కార్ల్ యోహాన్ ఆస్ట్రోమ్, టోరె హాగ్లండ్ ఒక దారి చూపారు. గెయిన్‌ను పెంచుకుంటూ పోయే బదులు, ఉష్ణోగ్రత సెట్ పాయింట్ కన్నా తక్కువుంటే వాల్వును 5 శాతం ఎక్కువ తెరవడం, ఎక్కువుంటే 5 శాతం మూయడం, అంతే. లూప్ తనంతట తానే దాదాపు అల్టిమేట్ పీరియడ్‌తో ఊగుతుంది. ఊగుడు ఎత్తు మాత్రం మన చేతిలో ఉంటుంది. మన ఎక్స్చేంజర్‌లో అది పైకీ కిందకీ 1.5 డిగ్రీలు, పీరియడ్ 37 సెకన్లు. గెయిన్ ఈ సూత్రంతో వస్తుంది.

```
Ku = 4d / (πa)
```

ఇందులో d వాల్వు కదలిక, అంటే 5. a ఊగుడు ఎత్తు, అంటే 1.5. లెక్కిస్తే సుమారు 4.2 వస్తుంది, అసలు విలువ 5. వాల్వు దూకుళ్లను నునుపైన అలగా అనుకుని లెక్కించే సూత్రం కాబట్టి ఈ తేడా. తక్కువవైపు తప్పడం వల్ల ఈ లూప్‌కు హాని లేదు. కంట్రోలర్లలో ఉండే ఆటోట్యూన్ బటన్లు చాలావాటి వెనుక ఉన్నది ఈ ఉపాయమే. అయితే బటన్ కూడా పగటి ప్రవాహం దగ్గర నొక్కితే పగటి అంకెలే ఇస్తుంది.

గుణకారాలను కూడా తర్వాతివాళ్లు మెత్తబరిచారు. టైరియస్, లూబెన్ 1992లో సూచించినవి అందులో ఒకటి. డెరివేటివ్ లేని కంట్రోలర్‌కు గెయిన్ అల్టిమేట్‌ను 3.2తో భాగిస్తే వచ్చేది, ఇంటిగ్రల్ కాలం పీరియడ్‌కు 2.2 రెట్లు. మన ఎక్స్చేంజర్‌కు పూర్తి ప్రవాహం దగ్గర అవి సుమారు 1.6, 83 సెకన్లు. సగం ప్రవాహం దగ్గర 0.42, 157 సెకన్లు. ఇంత మెత్తని సూత్రంతో వచ్చిన 1.6 కూడా రాత్రి అంచు 1.3ను దాటే ఉంది. కాబట్టి ఈ లూప్‌కు ఒకే జత అంకెలు చాలవు. రెండు జతలనూ కంట్రోలర్‌లో దాచి, ప్రవాహ మీటరు రీడింగును బట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా మారేలా అమర్చాలి. అది కుదరనిచోట 0.42, 157 సెకన్ల జతనే పగలూ రాత్రీ ఉంచాలి. లాగ్ పుస్తకంలో ఆ అంకెల పక్కనే పరీక్షనాటి ప్రవాహం, వాల్వు ఎంత తెరిచి ఉంది, ఆవిరి ఒత్తిడి ఎంత అన్నవి కూడా రాసి పెడితే, తర్వాత వచ్చే ఇంజనీరుకు ఆ ట్యూనింగ్ ఎక్కడి దాకా చెల్లుతుందో తెలుస్తుంది.