డ్రాయింగ్ కుడి మూలన ఉన్న పెట్టె

హైదరాబాద్ బాలానగర్‌లోని మెషిన్ షాపులకు ఇప్పుడు జాబ్‌లు ఫోన్‌లోనే వచ్చేస్తున్నాయి. ఎక్కడో ప్లాంటులో పంపు ఆగిపోతుంది, షాఫ్టు పాడైపోయి ఉంటుంది. మెయింటెనెన్స్ ఇంజినీరు స్టోర్ అంతా వెతికి పాత డ్రాయింగ్ తీస్తాడు. నేలమీద పరిచి ఫొటో కొట్టి పంపుతాడు. అందులో షాఫ్టు బొమ్మ నిండుగా ఉంటుంది, కింది కుడి మూల మాత్రం తెగిపోయి ఉంటుంది. ఆరితేరిన టర్నర్ కొలతల జోలికి పోకుండా ముందు దాన్నే అడుగుతాడు: "సార్, టైటిల్ బ్లాక్ రాలేదు. ఆ మూల ఒక్కటీ విడిగా కొట్టి పంపండి."

గీసినవాడూ చేసేవాడూ ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్లు ఈ పెట్టెతో అంత పని పడలేదు. అనుమానం వస్తే వెళ్లి అడిగేవారు. 1842లో జాన్ హెర్షెల్ ఇనుప లవణాలతో నీలి నకళ్లు తీసే పద్ధతి కనిపెట్టాడు. దాన్నుంచి బ్లూప్రింట్ పుట్టింది. ఒక్క ట్రేసింగ్ నుంచి ఎన్ని నకళ్లయినా తీయొచ్చు. దాంతో పాటే కొత్త తలనొప్పీ మొదలైంది: ఊళ్లు దాటి వెళ్లిన నకళ్లలో ఏది తాజాది? ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు, ఎప్పుడు, ఏ లోహం, ఎన్నోసారి మార్చింది అన్నవన్నీ కాగితమే చెప్పుకోవాల్సి వచ్చింది. మడిచినా పైకి కనిపించాలి కాబట్టి ఆ జాతకమంతా కింది కుడి మూలకు చేరింది. పెద్ద షీటును పద్ధతి ప్రకారం ఎ4 సైజుకు మడిస్తే ఆ పెట్టె ముందువైపుకే వస్తుంది. ఫొటో కొట్టేవాడి కన్ను బొమ్మ మధ్యలో ఉంటుంది, అందుకే తెగేది ముందు ఆ మూలే.

1990ల నాటి ఒక జర్మన్ పంపు షాఫ్టు డ్రాయింగ్‌ను ఉదాహరణకు తీసుకుందాం. ఎ1 షీటు, 841 మిల్లీమీటర్ల పొడవు. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో షీటు మొత్తం పట్టిస్తే ఒక్కో మిల్లీమీటరుకు ఐదు పిక్సెళ్లు కూడా రావు. టాలరెన్స్ అంకెలు 2.5 మిల్లీమీటర్ల ఎత్తున రాస్తే వాటికి దక్కేది పన్నెండు పిక్సెళ్లు. మైనస్ గీత మందం ఒక పిక్సెల్‌కు అటూ ఇటూ. పంపే యాప్ ఫొటోను 1600 పిక్సెళ్లకు కుదించిందా, మైనస్ ఉందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. దశాంశానికి జర్మన్లు చుక్క పెట్టరు, కామా పెడతారు. అది చెరిగితే 3,2 కాస్తా 32 అవుతుంది. అందుకే టైటిల్ బ్లాక్‌ను, నోట్స్‌ను దగ్గరగా విడిగా తీసి, ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమంటారు.

పెట్టెలో మొదట చూడాల్సింది పేరూ కాదు, నంబరూ కాదు. ఆ కాలపు జర్మన్ టైటిల్ బ్లాక్ అడుగున Ers. f., Ers. d. అని రెండు చిన్న గళ్లుంటాయి. మొదటిదాంట్లో నంబరుంటే, ఆ పాత డ్రాయింగ్ బదులుగా ఇది వచ్చిందని. రెండోదాంట్లో నంబరుంటే, దీని బదులుగా ఆ డ్రాయింగ్ వచ్చేసిందని, అంటే చేతిలో ఉన్నది రద్దయిన కాగితమని. మసక ఫొటోలో f, d ఒకేలా కనిపిస్తాయి. ఈ ఒక్క అక్షరం తేల్చుకోకుండా లోహం కొయ్యడం శుద్ధ దండగ.

ఆ పైన ISO 2768-mK అని ఉంటుంది. పక్కన ఏ టాలరెన్సూ రాయని కొలతలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. m అంటే మధ్యరకం: 30 దాటి 120 మిల్లీమీటర్ల వరకు 0.3 ఎక్కువైనా తక్కువైనా ఫర్వాలేదు, 120 దాటి 400 వరకు 0.5. పెద్ద అక్షరం K వంపు, లంబం లాంటి ఆకారపు తేడాలకు. ఈ గడి తెగిన ఫొటో చూసి, ప్రతి కొలతనూ వందో వంతు మిల్లీమీటరులో పట్టుకోవాలేమోనని భయపడి రేటు రెట్టింపు చెప్పే షాపులూ ఉన్నాయి. అది వాళ్ల తప్పనలేం.

లోహం గడిలో 42CrMo4 V అని ఉంది. మన బజారులో దీనికి దగ్గరి సరుకు ఇ.ఎన్.19. ఆ 'ఇ.ఎన్.' రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఉక్కు రకాలకు ఇచ్చిన అత్యవసర నంబరు. బ్రిటన్‌లో ఆ నంబర్లు ఎప్పుడో పోయాయి, మన ఉక్కు దుకాణాల్లో ఇంకా బతికే ఉన్నాయి. కొత్త యూరప్ డ్రాయింగుల్లో EN 10083 అని కనిపిస్తుంది. అది యూరప్ ప్రమాణం నంబరు. ఆ రెంటికీ చుట్టరికం లేదు.

అసలు మెలిక చివరి V. ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్లీ ఓ మోస్తరుగా వేడిచేసి గట్టిదనం తెచ్చిన స్థితి అది. ఇప్పటి డ్రాయింగుల్లో దీన్నే +QT అని రాస్తారు. బజారులో అదే ఉక్కు మెత్తబరిచిన స్థితిలోనూ దొరుకుతుంది. రసాయన పరీక్షకు పంపితే రెండూ ఒకటేనని రిపోర్టు వస్తుంది. 40 నుంచి 100 మిల్లీమీటర్ల మందంలో V స్థితి ఉక్కుకు 900 నుంచి 1100 మెగాపాస్కల్స్ తెగుబలం ఉండాలి. బ్రినెల్ హార్డ్‌నెస్ చూస్తే సుమారు 270 నుంచి 325 రావాలి. 200 దగ్గర ఆగిందంటే, V లేని రాడ్డు అంటగట్టారన్నమాట. లేత్ మీదికి ఎక్కించకముందే తేలిపోయే సంగతి ఇది.

నోట్స్‌లో 'కాంటెన్ గెబ్రోఖెన్' అని ఒక వరుస ఉంది. పదానికి పదం చూస్తే విరిగిన అంచులు. చెప్పదలచింది మాత్రం పదును చంపమని, అంటే అరమిల్లీమీటరు చాంఫర్ కొట్టమని. 'షార్ఫ్‌కాంటిగ్' అని రాసిన అంచు జోలికి మాత్రం పోకూడదు, దాన్ని పదునుగానే వదిలెయ్యాలి.

ఇక రివిజన్ పట్టిక. c వరుసలో Ø50k6 war Ø50h6 అని ఉంది. ముందు h6గా ఉన్నది ఇప్పుడు k6 అయిందని అర్థం. అది బేరింగ్ కూర్చునే చోటు. 50 బేరింగ్ రంధ్రం 49.988 నుంచి 50.000 దాకా ఉంటుంది. పాత h6 ప్రకారం షాఫ్టు 49.984 నుంచి 50.000. అంటే ఒక్కోసారి బిగుతుగా కూర్చుంటుంది, ఒక్కోసారి 16 మైక్రాన్ల వదులుంటుంది. వదులుగా ఉన్న లోపలి రింగు షాఫ్టుతో కలిసి తిరగక మెల్లగా జారుతుంది. ఎర్రటి తుప్పుపొడి రాలుతుంది, కూర్చునే చోటు అద్దంలా మెరిసిపోతుంది. పాత షాఫ్టు మీద ఈ గుర్తులుంటే, కంపెనీ ఎందుకు మార్చిందో వేరే చెప్పక్కర్లేదు. k6 అంటే 50.002 నుంచి 50.018. ఏ షాఫ్టు ఏ బేరింగ్‌తో కలిసినా బిగుతు కనీసం 2 మైక్రాన్లు ఉంటుంది, 30కి మించదు. పట్టికలోని c గుర్తు బొమ్మలో ఆ కొలత పక్కన కూడా ఉండాలి. లేకపోతే పట్టిక ఫొటో, బొమ్మ ఫొటో వేర్వేరు నకళ్ల నుంచి వచ్చాయేమో కనుక్కోవాలి.

ఇదే ఫొటోలో కొలత పక్కన ఎర్రపెన్నుతో 49.98 అని కూడా రాసి ఉంది. తేదీ లేదు, సంతకం లేదు, పట్టికలో దానికో వరుస లేదు. k6 మాట అటుంచితే, పాత h6 కనిష్ఠం కంటే కూడా అది 4 మైక్రాన్లు తక్కువ. ఎవరో అరిగిన షాఫ్టుకు వెర్నియర్ పెట్టి, కనిపించిన అంకె రాసి పెట్టి ఉంటారు. దాన్నే కొత్త కొలత అనుకుని గ్రైండ్ చేస్తే అరిగిన షాఫ్టునే కొత్తగా తయారు చేసినట్టు. జాబ్ పట్టుకున్న షాపు ప్లాంటుకు ఒకసారి ఫోన్ చేసి ఖరారు చేసుకుని, ఎర్రసిరా కొట్టేసి, 50.010 గురిగా గ్రైండింగుకు ఎక్కిస్తుంది.