లోపమున్న బోల్టు ఏ యంత్రానిది?

ఒక కర్మాగారంలో మూడు యంత్రాలు బోల్టులు తయారుచేస్తున్నాయనుకుందాం. మొత్తం ఉత్పత్తిలో మొదటిదాని వాటా 50 శాతం, రెండోదానిది 30, మూడోదానిది 20. వాటి బోల్టుల్లో లోపమున్నవి వరుసగా 1, 2, 5 శాతం. అన్నీ కలిసిన కుప్పలోంచి తీసిన ఒక బోల్టులో లోపం కనిపించింది. అది మూడో యంత్రానిదయ్యే సంభావ్యత ఎంత?

5 శాతం అనేది దీనికి జవాబు కాదు. యంత్రం తెలిసినప్పుడు లోపం ఉండే అవకాశం అది. ఇక్కడ లోపం తెలుసు, యంత్రమే తెలియదు. ప్రశ్నను తిరగేయాలంటే ముందు లోపాల మొత్తం తేలాలి. 10,000 బోల్టులు తీసుకుంటే మొదటి యంత్రపు 5,000లో సగటున 50, రెండోదాని 3,000లో 60, మూడోదాని 2,000లో 100 లోపమున్నవి ఉంటాయి. మొత్తం 210. ఇలా ఒక్కో దారిలో వచ్చే వాటాలను కూడడమే సంపూర్ణ సంభావ్యత నియమం:

0.5×0.01 + 0.3×0.02 + 0.2×0.05 = 0.021

ఈ 210లో 100 మూడోదానివి కాబట్టి జవాబు 100/210, అంటే దాదాపు 48 శాతం. మిగతా రెండింటికి సుమారు 24, 29 శాతం వస్తాయి. అంకెలను సవరించకముందు ఈ మూడూ కలిపితే సరిగ్గా 1 రావాలి. రాకపోతే లెక్క తప్పినట్టే.

ఉత్పత్తి వాటాలను మరిచి 1, 2, 5లను మాత్రమే పోల్చడం తరచుగా జరిగే పొరపాటు. అప్పుడు 5/8, అంటే 62.5 శాతం వచ్చి, మూడో యంత్రంపై అనుమానం అనవసరంగా పెరుగుతుంది. మూడూ సమానంగా ఉత్పత్తి చేసినప్పుడే ఆ జవాబు సరైనది. ప్రతి బోల్టూ ఏదో ఒక్క యంత్రం నుంచే రావాలన్నది కూడా ఈ పద్ధతికి తప్పనిసరి షరతు.