క్యాప్ రేటు ఏడా, ఐదా?

డాలస్ పరిసరాల్లో అద్దెలకిచ్చే ఇళ్ల ప్రకటనల్లో ధర పక్కనే ‘7 క్యాప్’ అని రాసి ఉంటుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో చాలామంది ఆ అంకె చూసే ముందడుగు వేస్తారు. అది ఎలా పుట్టిందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించి వేసుకున్నవే గానీ, తీరు మాత్రం అక్కడి బజారుదే.

నాలుగు వాటాల ఇల్లు, అక్కడివాళ్ల మాటల్లో ఫోర్‌ప్లెక్స్. అడిగే ధర 6 లక్షల డాలర్లు. వాటాకి నెలకు 1,250 చొప్పున ఏడాదికి 60 వేల అద్దె. అమ్మేవారి కాగితంలో ఖర్చులు 18 వేలే. మిగిలే 42 వేలను ధరతో భాగిస్తే 7 శాతం వస్తుంది. క్యాప్ రేటు అంటే ఇదే: ఖర్చులన్నీ పోగా ఏడాదికి మిగిలే నికర ఆదాయం ధరలో ఎన్నో వంతు అన్నది. ఇందులో అప్పు వాయిదాలు కలపరు. కొనేవాడు అప్పు చేశాడా లేదా అన్నదాన్ని బట్టి ఇంటి విలువ మారదు కదా!

ఇప్పుడు ఆ 18 వేలను విప్పి చూడాలి. వాటా ఖాళీగా ఉండే రోజులకు అందులో పైసా తీయలేదు. సొంతంగా చూసుకుంటున్నాడు కాబట్టి మేనేజ్‌మెంట్ రుసుము లేదు. పన్నేమో పాత విలువ మీద వేసిన 9 వేలు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ, ఆస్తి పన్ను మోత మోగిస్తుంది. ఇల్లు చేతులు మారాక కొత్త విలువ కడితే అది 12 వేలకు చేరవచ్చు. ఖాళీ రోజులకు 5 శాతం తీస్తే వచ్చే అద్దె 57 వేలు. పన్ను 12 వేలు, బీమా 4 వేలు, మేనేజ్‌మెంట్‌కు 8 శాతం చొప్పున సుమారు 4,500, మరమ్మతులకు 5 వేలు, నీళ్లకూ పచ్చికకూ 1,500. మొత్తం 27 వేలు. మిగిలేది 30 వేలు, అంటే 5 శాతం. పైకప్పు మార్చడం, ఏసీలు మార్చడం వంటి పెద్ద ఖర్చులు ఇందులో ఇంకా లేవు.

ఆ పేటలో అలాంటి ఇళ్లు 6 శాతం క్యాప్‌కి అమ్ముడవుతున్నాయనుకుందాం. 30 వేలను 0.06తో భాగిస్తే విలువ 5 లక్షలు. అమ్మేవారి 42 వేలతో అదే లెక్క వేస్తే 7 లక్షలు తేలుతుంది. కాగితం మీద దాచిన 12 వేల ఖర్చు ధరలో 2 లక్షలైందన్నమాట! నాలుగు వాటాల వరకు బ్యాంకు మదింపుదారు ఇరుగుపొరుగు అమ్మకాల ధరలే ఎక్కువగా చూస్తాడు. అద్దె కిట్టుతుందా లేదా అన్న లెక్క మాత్రం కొనేవాడే వేసుకోవాలి.

బేరమాడి 5 లక్షలకే కొన్నామనుకుందాం. నాలుగో వంతు, అంటే లక్షా 25 వేలు చేతినుంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్ వగైరా ఖర్చులు 10 వేలు. మిగతా 3 లక్షల 75 వేలకు 7 శాతం వడ్డీతో 30 ఏళ్ల అప్పు తీసుకుంటే నెల వాయిదా సుమారు 2,495, ఏడాదికి 29,940. ఇంటి ఆదాయం 30 వేలు. మన చేతికి మిగిలేది అరవై డాలర్లు! మన జేబులోంచి పెట్టిన డబ్బు మీద చేతికొచ్చే ఈ ఆదాయాన్నే క్యాష్ ఆన్ క్యాష్ అంటారు. ఇక్కడ అది దాదాపు సున్నా. అప్పే లేకుండా కొని ఉంటే 5.9 శాతం వచ్చేది. మొదటి ఏడాది అసలులో 3,800 దాకా తీరే మాట నిజమే, కానీ దాంతో ఏసీ బాగుచేయించలేం.

ఎందుకిలా? చాలామంది క్యాప్ రేటును వడ్డీ రేటుతో పోల్చుకుంటారు. పోల్చాల్సింది ఏడాది వాయిదాల మొత్తాన్ని అప్పుతో భాగిస్తే వచ్చే శాతంతో. అది ఇక్కడ దాదాపు 8. ఆరు శాతం తెచ్చే ఇంటిని ఎనిమిది శాతం మింగే అప్పుతో కొంటే, అప్పు పెంచేకొద్దీ చేతికొచ్చేది తగ్గుతుంది. వడ్డీ 4 శాతమైతే ఈ శాతం 5.7కు దిగుతుంది, ఏటా 8,500 మిగిలి రాబడి 6.3 అవుతుంది. 2021లో అమెరికాలో సొంతింటి అప్పులు 3 శాతం దరిదాపుల్లో దొరికాయి. 2023 అక్టోబరు నాటికి 8కి చేరువయ్యాయి. ఆనాడు కొన్నవాళ్లు చెప్పే రాబడులు ఈనాటి కొనుగోలుకు పనికిరావు.

హైదరాబాద్‌లో కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు పాతిక వేల అద్దె వస్తే, ఖర్చులు తీయకముందే 3 శాతం. అక్కడ అప్పుతో కొనేవాళ్లు పందెం కాసేది ధర పెరుగుతుందనే గానీ, అద్దె మీద కాదు.

టెక్సాస్ ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు అద్దె ఒప్పందాలతో పాటు అమ్మేవారి పన్ను రిటర్నులోని షెడ్యూల్ ఈ అడగండి. అద్దె ఎంతొచ్చింది, ఖర్చు ఎంతైంది అన్నవి ప్రభుత్వానికి ఆయనే రాసిచ్చిన లెక్కలవి. తరుగుదల పద్దు మాత్రం పక్కన పెట్టండి, అది చేతినుంచి పోయిన డబ్బు కాదు. ఆ కాగితం చూపించనంటే ప్రకటనలోని 7ను నమ్మకండి.