టీషర్టు మీది పేరు మాయం

సాయంత్రం టీ తాగుతున్న తండ్రీకొడుకుల ఫోటో ఒకటి ఉందనుకుందాం. కొడుకు ఒంటి మీద నీలం టీషర్టు. దాని గుండె మీద చిన్న తెల్లటి గుర్తు, భుజాల నుంచి చేతుల దాకా మూడు తెల్ల గీతలు. టేబుల్ మీద పార్లే-జీ పొట్లం, దాని పక్కన మంచినీళ్ల సీసా, బోర్లించి పెట్టిన ఐఫోన్. వెలుగు బాగా పడింది, నవ్వులు సహజంగా వచ్చాయి. అయినా షటర్‌స్టాక్, గెట్టీ లాంటి స్టాక్ ఫోటో సంస్థలకు ప్రకటనల్లో వాడుకోవడానికని పంపితే, లోగోలు కనిపిస్తున్నాయంటూ తిప్పి పంపేస్తారు.

కారణం సులువైనదే. ఆ ఫోటోను రేపు ఎవరు కొంటారో తీసినవాడికి తెలియదు. బీమా సంస్థ కొనవచ్చు, ఇంకో బిస్కెట్ల కంపెనీయే కొనవచ్చు. ప్రకటనలో మరొకరి గుర్తు కనిపిస్తే, ఆ రెండు కంపెనీలకూ ఏదో సంబంధం ఉందని చూసేవాళ్లు అనుకునే వీలుంది. ట్రేడ్‌మార్కు తగాదాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఫోటోలో పేరు కనిపించినంత మాత్రాన నేరం కాదు, చిక్కంతా దాన్ని వాడే తీరులో ఉంది. అందుకే ఈ సంస్థలు ఫోటోలను రెండు వర్గాలు చేశాయి. ప్రకటనలకు వాడేవాటిలో లోగోలు ఉండకూడదు. వార్తలకూ వ్యాసాలకూ వాడే ‘ఎడిటోరియల్’ ఫోటోల్లో ఉండవచ్చు.

అక్షరాలు చెరిపేస్తే సరిపోతుందని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు అనుకుంటారు. పార్లే-జీ పొట్లం మీది అక్షరాలన్నీ తుడిచేసి చూడండి. పసుపూ తెలుపూ చారలు, మధ్యలో పాప బొమ్మ మిగులుతాయి. చదువు రాని పిల్లవాడు కూడా అదేమిటో చెప్పేస్తాడు. కోకాకోలా సీసాకు దాని నడుము వంపే గుర్తు, లీవైస్ జీన్స్‌కు వెనక జేబు మీది కుట్టే గుర్తు.

మూడు గీతల సంగతి మరీ ఇబ్బంది. ఒక గీత చెరిపి రెండు మిగిల్చితే గండం గడుస్తుందని కొందరి లెక్క. అడిడాస్ ఈ గీతల కోసం కోర్టుల్లో ఎంత దూరం వెళ్లిందో తెలిస్తే ఆ పని చేయరు. రెండు గీతలు, నాలుగు గీతలు ఉన్న బూట్లు అమ్మినందుకు పేలెస్ అనే చెప్పుల దుకాణాల సంస్థ 30 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2008లో అమెరికాలోని ఓరెగాన్‌లో జ్యూరీ తీర్పు చెప్పింది. తర్వాత ఆ మొత్తాన్ని బాగా తగ్గించారు. అయితే గెలుపు ఎప్పుడూ అడిడాస్‌దే కాదు. నాలుగు గీతల బట్టలమ్మే థామ్ బ్రౌన్ సంస్థ మీద వేసిన దావాలో 2023లో ఓడింది. ఇవి సరుకుల మీద నడిచిన కేసులు, ఫోటోల మీద కాదు. కానీ స్టాక్ సంస్థల్లో ఫోటోలు పరిశీలించేవాళ్లకు గీతలంటే అనుమానం ఎందుకో వీటితో అర్థమవుతుంది. గీతలు పోవాలంటే అన్నీ పోవాలి. భుజం మడతల మీదుగా సాగే గీతలను కంప్యూటర్లో తీయడానికి పట్టే సమయంలో ఆ అబ్బాయి పదిసార్లు చొక్కా మార్చుకోవచ్చు.

అందుకే ఈ పని తెలిసినవాళ్లు సగం పని కెమెరా తీయకముందే ముగిస్తారు. బిస్కెట్లు పొట్లంలోంచి పళ్లెంలోకి వస్తాయి, నీళ్లు గ్లాసులోకి వెళ్తాయి, ఫోన్ ఫ్రేము బయటికి పోతుంది. తీయలేని వస్తువుకు గాఫర్ టేపు వేస్తారు. సినిమా షూటింగుల్లో వాడే గుడ్డ టేపు ఇది. మెరవదు, చేత్తో చిరుగుతుంది, తీశాక జిగురు అంతగా అంటుకోదు. పార్శిళ్లకు వాడే టేపు మెరుస్తుంది కాబట్టి పనికిరాదు. టేపు రంగు వస్తువు రంగుకు దగ్గరగా ఉండాలి. పేరున్నంత మేర చిన్న ముక్క అంటిస్తే ఇక్కడ ఏదో దాచారని టేపే చాటింపు వేస్తుంది. ఆ పలక అంచు నుంచి అంచు దాకా వేస్తే అది వస్తువులో భాగంలాగే కనిపిస్తుంది. బట్ట మీద మాత్రం టేపు ముడతలు పడుతుంది. అక్కడ చొక్కా మార్చడమో, పైన ఇంకోటి తొడగడమో మేలు.

ఫోటో అప్పటికే తీసేశారు, మళ్లీ తీసే వీలు లేదు అనుకుందాం. అప్పుడు గుండె మీది తెల్లటి గుర్తును ఫోటోషాప్‌లోనో, ఉచితంగా దొరికే గింప్‌లోనో తీయాలి. టీవీలో మందు సీసాకు చేసినట్టు మసకబెడితే కుదరదు. చూపు నేరుగా ఆ మసక మీదికే పోతుంది. పైగా రంగూ ఆకారమూ మిగిలే ఉంటాయి.

అసలు ఫోటోను ముట్టుకోకుండా, పైన ఖాళీ లేయరు పెట్టి దాని మీద పని చేస్తారు. వాడే పరికరాలు రెండు. ఒకచోటి బట్టను ఉన్నదున్నట్టు తెచ్చి మరోచోట అద్దేది క్లోన్ స్టాంప్. తెచ్చిన నేతను చుట్టుపక్కల రంగులో కలిపేసేది హీలింగ్ బ్రష్. రెండోది చూడ్డానికి తెలివైనదిగా అనిపిస్తుంది కానీ, తెల్లటి గుర్తు అంచు దగ్గర వాడితే ఆ తెలుపును కూడా కలిపేసుకుని పాలమరకలాంటిది మిగులుస్తుంది. కాబట్టి ముందు క్లోన్ స్టాంప్‌తో గుర్తు అంచు దాటి కొంచెం బయటి దాకా నీలం అద్ది, ఆ తర్వాతే హీలింగ్ బ్రష్‌తో వెలుగునీడలు సరిచేస్తారు.

గుర్తు మీదుగా మడత పోతుంటే పని నెమ్మదిస్తుంది. మడతకు ఒకవైపు వెలుగు, మరోవైపు నీడ. ఎక్కడిదో నీలం తెచ్చి అద్దితే మడత అక్కడ తెగిపోతుంది. అదే మడతకు పైనో కిందో ఉన్న బట్టను తీసుకుని, దాని వెంబడే అద్దుకుంటూ పోవాలి. మూల చోటును తరచు మార్చాలి, లేకపోతే ఒకే ముడత వరసగా మూడుచోట్ల కనిపిస్తుంది. మెత్తగా కలుస్తుందని సగం గాఢతతో అద్దడం మరో పొరపాటు. ఒకదాని మీద ఒకటి పడి నేత గింజ అరిగిపోతుంది, టీషర్టు ఆ ఒక్కచోట ప్లాస్టిక్‌లా నున్నగా తేలుతుంది.

అయిందనుకున్నాక పరీక్ష పెట్టాలి. ఫోటోను ఎడమకు కుడిగా తిప్పి చూస్తే, అలవాటుపడిన కంటికి తప్పిపోయినవి దొరుకుతాయి. కాసేపు కాంట్రాస్టు బాగా పెంచితే అతుకు వేరే రంగులో బయటపడుతుంది. చివరగా కళ్లజోడు, స్టీలు గ్లాసు, కిటికీ అద్దం వెతకాలి. టేబుల్ మీద చెరిపిన సీసా గ్లాసు పొట్ట మీద ఇంకా నిలబడే ఉండొచ్చు.

ఈ నేర్పు ప్రకటన ఫోటోలకే పరిమితం, వార్తా ఫోటో దగ్గర ఆగిపోవాలి. అసోసియేటెడ్ ప్రెస్‌కు పనిచేసిన నార్సిసో కాంట్రెరాస్ 2013లో పులిట్జర్ పొందిన బృందంలో ఒకడు. సిరియాలో తీసిన ఒక ఫోటో మూలన పడిన తోటి విలేఖరి వీడియో కెమెరాను ఇలాగే అద్ది చెరిపాడు. ఆ సంగతి తనే సంపాదకులకు చెప్పాడు. 2014 జనవరిలో సంస్థ అతనితో సంబంధం తెంచుకుంది, దాదాపు 500 ఫోటోలను తన భాండాగారం నుంచి తొలగించింది. మిగతా ఫోటోల్లో మార్పులేవీ కనిపించలేదని కూడా అదే చెప్పింది. ఆ కెమెరా మీద యుద్ధం గురించి ఏమీ రాసి లేదు, దాని వల్ల వార్త మారదు. అయినా చెరపడమే తప్పయింది. ఊరేగింపులో నడిచేవాడి టోపీ మీద కంపెనీ పేరుంటే, వార్తా ఫోటోలో అది అలాగే ఉండాలి.

మన దేశంలో దీనికి చట్టం పెట్టిన మినహాయింపు ఒకటి ఉంది, పొగాకు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం కింద 2005లో వచ్చిన నిబంధనల ప్రకారం, అచ్చు వేసే చిత్రంలో సిగరెట్ పేరో లోగోనో ఉంటే కత్తిరించాలి, లేదా కనిపించకుండా కప్పాలి. పాన్ డబ్బా ముందు జరిగిన ప్రమాదం ఫోటో వచ్చిందంటే సంపాదకుడికి వేరే దారి లేదు. ముందు కత్తిరించి చూస్తాడు. కుదరకపోతే కప్పుతాడు. కానీ టీషర్టుకు చేసినట్టు ఆనవాలు లేకుండా అద్దడం అక్కడ తగదు. కప్పిన సంగతి పాఠకుడికి తెలిసేలా గళ్ల మసకో నల్ల పట్టీయో వేయడమే మర్యాద. ప్రకటనలో తప్పనిపించే మసక, అక్కడ సరైన పద్ధతి.